విదేశీ పట్టా ఏ మెట్టు మీద?

తత్సమాన పత్రాన్ని వాడుకలో అందరూ ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ అంటారు. విదేశంలో పూర్తిచేసిన చదువు మన దేశపు చదువుల నిచ్చెనలో ఏ మెట్టుకు సరితూగుతుందో చెప్పే కాగితం అది. ఇంటర్‌కు సమానమా, డిగ్రీకా, పీజీకా అన్నంత వరకే దాని మాట. చదివిన విశ్వవిద్యాలయం ఎంత పేరున్నదో, చదువు ఎంత కష్టమైనదో అందులో ఉండదు. ప్రపంచంలో మొదటి పది స్థానాల్లో ఉన్న విశ్వవిద్యాలయం ఇచ్చిన పట్టాకైనా, ఎవరూ వినని ఊళ్లోని విశ్వవిద్యాలయం ఇచ్చిన పట్టాకైనా అడిగే ప్రశ్నలు అవే. ఈ సంగతి తెలియక, పేరున్న చోట చదివాం కదా, ఇంకా ఈ కాగితం ఎందుకని ఊరుకున్నవాళ్లు సర్టిఫికెట్ల పరిశీలన రోజున ఇబ్బంది పడుతుంటారు.

మన దేశంలో ఈ పనిని చాలాకాలం చూసింది భారత విశ్వవిద్యాలయాల సంఘం, అంటే ఏఐయూ. 1925లో ఇంటర్ యూనివర్సిటీ బోర్డుగా మొదలై 1973లో ఇప్పటి పేరు పెట్టుకుంది. ఒక విశ్వవిద్యాలయం పట్టాను ఇంకొకటి గుర్తించాలంటే ఏదో ఒక ఉమ్మడి వేదిక కావాలన్న అవసరంలోంచి పుట్టిన సంఘం అది. 1995 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. ఏఐయూ సమానమని చెప్పిన విదేశీ అర్హతను కేంద్ర ఉద్యోగాలకు కూడా గుర్తించినట్టే లెక్కిస్తామని, వేరే ఉత్తర్వు అక్కర్లేదని దాని సారాంశం. అలా విశ్వవిద్యాలయాల మధ్య సర్దుబాటుగా మొదలైన పని ఉద్యోగాల గుమ్మం దాకా వచ్చింది.

2025 ఏప్రిల్ 4న యూజీసీ ఇందుకోసమే ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. దరఖాస్తు ఆన్‌లైన్‌లో యూజీసీకే పెట్టుకోవాలి. నిపుణుల స్థాయీ సంఘం దాన్ని పరిశీలిస్తుంది. నిర్ణయానికి పెట్టిన గడువు పదిహేను పనిదినాలు. ఈ నిబంధనలు వచ్చినప్పుడు యూజీసీ అధ్యక్షుడిగా ఉన్న ఎం. జగదీశ్ కుమార్ నల్లగొండ జిల్లా వారే. ఇప్పటికీ పాత నోటిఫికేషన్లలో, కళాశాలల ప్రవేశ పుస్తకాల్లో ఏఐయూ పేరే కనిపిస్తుంటుంది. అందువల్ల దరఖాస్తుదారు మొదట చూసుకోవలసింది, తాను చేరబోయే చోటు లేదా తాను కోరుతున్న ఉద్యోగం నోటిఫికేషన్ ఎవరి పత్రం అడుగుతోందన్నది. ఆ వాక్యం చదవకుండా ఫీజు కట్టినవాళ్లకు సమయమూ డబ్బూ రెండూ పోతాయి.

పత్రం ఇచ్చే ముందు పరిశీలకులు చూసేవాటిలో ముఖ్యమైనవి మూడు. మొదటిది, పట్టా ఇచ్చిన సంస్థకు దాని సొంత దేశంలో గుర్తింపు ఉందా? బ్రిటన్‌లో పట్టా ఇచ్చే అధికారం ఉన్న సంస్థల జాబితా ప్రభుత్వం దగ్గరే ఉంటుంది. అమెరికాలో అలాంటి కేంద్ర అధికారం లేదు. అక్కడ అక్రెడిటేషన్ సంస్థలు గుర్తింపు ఇస్తాయి. అక్రెడిటేషన్ లేని విశ్వవిద్యాలయం కూడా తలుపులు తెరిచి ఫీజులు వసూలు చేయగలదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద అక్కడి అధికారులు దాడి చేసినప్పుడు తెలుగు ఇళ్లలో గగ్గోలు పుట్టింది. అక్కడి విద్యార్థుల్లో ఎక్కువమంది మనవాళ్లే. వీసా గొడవ ఒక ఎత్తయితే, అక్రెడిటేషన్ లేని చోట గడిపిన సెమిస్టర్లు ఏ మెట్టు మీదా నిలవకపోవడం ఇంకో ఎత్తు.

రెండో ప్రశ్న, ఆ కోర్సులో చేరడానికి అక్కడ అడిగిన అర్హత, ఇక్కడ అదే స్థాయి కోర్సులో చేరడానికి అడిగే అర్హతతో పోలి ఉందా? పీజీలో చేరాలంటే డిగ్రీ ఉండాలి, డిగ్రీలో చేరాలంటే పన్నెండేళ్ల బడి చదువు ఉండాలి. డిగ్రీ లేకుండా ఉద్యోగానుభవం చూపించి నేరుగా ఎంబీఏలో చేర్చుకునే సంస్థలు విదేశాల్లో ఉన్నాయి. ఆ ఎంబీఏ అక్కడ చెల్లుతుంది. ఇక్కడ మాత్రం మధ్యలో మెట్టు విరిగిన నిచ్చెన అవుతుంది. పీజీ పత్రం కోసం వెళ్లినవాళ్లను పదో తరగతి మెమో దగ్గర్నుంచి అన్నీ అడగడానికి కారణం ఇదే.

మూడోది, చదివిన తీరు. కోర్సు ఎన్నాళ్లు సాగింది, ఎన్ని క్రెడిట్లు, ప్రాజెక్టు లేదా డిసర్టేషన్ ఉందా, విద్యార్థి నిజంగా అక్కడే ఉండి చదివాడా అన్నవి ఇందులోకి వస్తాయి. వీసా ముద్రలతో సహా పాస్‌పోర్టు పేజీలు అడగడం ఇందుకోసమే. ఫ్రాంచైజీ ఏర్పాటు కింద ఇచ్చిన పట్టాలను 2025 నిబంధనలు సమానంగా ఒప్పుకోవు. విదేశీ విశ్వవిద్యాలయం పేరు మీద వేరొక కాలేజీ పాఠాలు చెప్పి పట్టా ఇప్పించే ఏర్పాటు అది. యూజీసీ అనుమతితో విదేశీ విశ్వవిద్యాలయాలు మన దేశంలోనే నెలకొల్పే ప్రాంగణాల సంగతి వేరు. వాటి పట్టాకు తత్సమాన పత్రం అక్కర్లేదు. బయటి బోర్డు మీద రెండూ ఒకలాగే కనిపిస్తాయి కాబట్టి చేరేముందే తేల్చుకోవాలి.

ఇవన్నీ ఒక అభ్యర్థి ఫైలులో ఎలా పనిచేస్తాయో చూస్తే సంగతి తేటపడుతుంది. గుంటూరు జిల్లా యువకుడు ఒకరు అనుకుందాం. 2015లో పదో తరగతి, 2017లో ఎంపీసీతో ఇంటర్, 2020లో గణితం, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్‌తో మూడేళ్ల బీఎస్సీ. రెండేళ్లు ప్రైవేటు ఉద్యోగం చేసి, 2022 సెప్టెంబరులో బ్రిటన్ వెళ్లి డేటా సైన్స్‌లో ఏడాది ఎంఎస్సీ చేశాడు. తిరిగొచ్చి డిగ్రీ కళాశాలలో స్టాటిస్టిక్స్ లెక్చరర్ పోస్టుకు దరఖాస్తు పెట్టాలనుకున్నాడు.

అతని మొదటి భయం, ఏడాది ఎంఎస్సీ మన రెండేళ్ల ఎంఎస్సీకి సమానమవుతుందా అన్నది. ఒకప్పుడు ఈ భయానికి గట్టి ఆధారమే ఉండేది. 2022 జులై 21న భారత్, బ్రిటన్ ఒకరి అర్హతలను ఒకరు గుర్తించే ఒప్పందం మీద సంతకాలు చేశాక దారి తెరుచుకుంది. బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్ అంటే 180 క్రెడిట్లు. సెలవుల్లేకుండా పన్నెండు నెలలు సాగే చదువు. అందులో 120 క్రెడిట్లు తరగతి పాఠాలకు, 60 డిసర్టేషన్‌కు. ఇంజినీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం, ఆర్కిటెక్చర్ పట్టాలు ఆ ఒప్పందంలోకి రావు. ఈ యువకుడిది ఎంఎస్సీ కాబట్టి బయటపడ్డాడు. ఆస్ట్రేలియాతోనూ 2023 మార్చిలో ఇలాంటి ఏర్పాటే కుదిరింది.

తర్వాత కాగితాలు. పదో తరగతి మెమోలో అతని పేరు మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత ఉంది. ఇంటిపేరుకు ఒక్క అక్షరమే. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విప్పి సర్‌నేమ్ గడిలో పెట్టారు. బ్రిటన్ పట్టాలో పేరు ముందు, ఇంటిపేరు వెనుక వచ్చాయి. మూడు కాగితాల మీద ముగ్గురు మనుషుల్లా కనిపిస్తారు. తెలుగువాళ్ల దరఖాస్తుల్లో ఇది దాదాపు నిత్యం వచ్చే చిక్కు. అమెరికా వెళ్లినవాళ్లలో కొందరికి ఇంకా విడ్డూరం జరుగుతుంది. పాస్‌పోర్టులో పేరంతా సర్‌నేమ్ గడిలోనే ఉంటే, వీసాలో మొదటి పేరు చోట FNU అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. కొన్నిసార్లు అదే పట్టా దాకా పాకుతుంది. ఈ యువకుడు మూడు పేర్లూ తనవేనని నోటరీ అఫిడవిట్ చేయించి ఫైలులో ముందే జతచేశాడు. అడిగాక ఇద్దామని ఊరుకుంటే ఫైలు అక్కడే ఆగుతుంది.

ఇక్కడే రెండు కాగితాలను చాలామంది తత్సమాన పత్రంగా పొరబడతారు. ఒకటి అపోస్టిల్. 1961 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం, పట్టా మీద ఉన్న సంతకం, ముద్ర నిజమైనవేనని ఆ దేశ ప్రభుత్వం అతికించే ధ్రువీకరణ అది. భారత్‌లో 2005 నుంచి అది చెల్లుతోంది. కాగితం దొంగది కాదన్నంత వరకే దాని పూచీ. అక్రెడిటేషన్ లేని సంస్థ పట్టాకు కూడా అపోస్టిల్ పడవచ్చు. రెండోది డబ్ల్యూఈఎస్ వంటి సంస్థలు ఇచ్చే మూల్యాంకన నివేదిక. మన పట్టా పట్టుకుని అమెరికా, కెనడా వెళ్లేవాళ్ల కోసం తయారైన నివేదిక అది. దాన్ని ఇక్కడ పరిశీలన బల్ల మీద పెడితే, ఎదుటి రైలుకు టికెట్ కొన్నట్టే.

పత్రం చేతికొచ్చింది. ఆ ఎంఎస్సీ భారతీయ మాస్టర్స్ డిగ్రీకి సమానమని అందులో ఉంది. కానీ అసలు చిక్కు అప్పుడే మొదలైంది. నోటిఫికేషన్ అడిగింది స్టాటిస్టిక్స్‌లో పీజీ. అతని పట్టా మీద ఉన్నది డేటా సైన్స్. తత్సమాన పత్రం మెట్టును చెప్పింది. ఆ మెట్టు మీద ఏ గది తలుపు తెరుచుకుంటుందో చెప్పే అధికారం నియామక సంస్థది. నోటిఫికేషన్‌లో సబ్జెక్టు పేరు పక్కన ‘తత్సమాన అర్హత’ లేదా ‘సంబంధిత సబ్జెక్టు’ అన్న మాటలున్నాయా లేవా అన్నదాని మీద అంతా ఆధారపడి ఉంటుంది. అలాంటి మాట ఉంటే సబ్జెక్టు నిపుణుల సంఘం ముందు వాదించుకోవచ్చు. లేకపోతే ఆ వాదనకు చోటే ఉండదు.

అతని నోటిఫికేషన్‌లో ఆ మాట ఉంది. అందుకని ట్రాన్‌స్క్రిప్టును పక్కన పెట్టుకుని లెక్క వేశాడు. 15 క్రెడిట్ల పేపర్లు ఎనిమిది. వాటిలో స్టాటిస్టికల్ ఇన్ఫరెన్స్, రిగ్రెషన్, బేసియన్ పద్ధతులు, టైమ్ సిరీస్ అనే నాలుగు, మొత్తం 60 క్రెడిట్లు, అచ్చంగా స్టాటిస్టిక్స్. మిగిలిన నాలుగు ప్రోగ్రామింగ్, డేటాబేస్, మెషిన్ లెర్నింగ్ వైపువి. 60 క్రెడిట్ల డిసర్టేషన్ మిర్చి ధరల ముందస్తు అంచనా మీద, టైమ్ సిరీస్ పద్ధతిలో చేసింది. అంటే 180లో 120 క్రెడిట్లు స్టాటిస్టిక్స్ అని చూపించవచ్చు. ఇది వట్టి మాటగా చెబితే సరిపోదు. ప్రతి పేపరు సిలబస్ విశ్వవిద్యాలయం ముద్రతో తెప్పించి, మన పీజీ సిలబస్‌లోని ఏ పేపరుకు ఏది సరిపోతుందో ఒక పట్టికగా జతచేశాడు. చదువు ముగిశాక ఏళ్లు గడిస్తే పాత సిలబస్ ప్రతులు దొరకడం కష్టమవుతుంది. తిరిగొచ్చే ముందే వాటిని తెచ్చుకోవడం తెలివైన పని. సంఘం ఒప్పుకుంటుందన్న హామీ అప్పటికీ లేదు.

ఆ తర్వాతిది మార్కుల లెక్క. డిగ్రీ కళాశాల అధ్యాపక పోస్టులకు యూజీసీ నియమం ప్రకారం పీజీలో 55 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్‌లో లేని ఓబీసీ అభ్యర్థులకు 50. వీటితోపాటు నెట్ లేదా సెట్, లేకపోతే పీహెచ్‌డీ. బ్రిటన్‌లో మాస్టర్స్ పాస్ మార్కు 50. అరవై దాటితే మెరిట్, డెబ్బై దాటితే డిస్టింక్షన్. అక్కడ డెబ్బై తెచ్చుకోవడం అంటే ఇక్కడ తొంభై తెచ్చుకున్నంత గొప్ప. అయినా 55 శాతం అన్న గీత దగ్గర ఈ తేడాను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. 53తో పాసైన జనరల్ అభ్యర్థి చేతిలో తత్సమాన పత్రం ఉన్నా గీతకు ఇవతలే మిగిలిపోతాడు. మన యువకుడి సగటు 64 కాబట్టి గట్టెక్కాడు. అమెరికాలో జీపీఏతో వచ్చినవాళ్లకు శాతాలే ఉండవు. వాళ్లు తమ విశ్వవిద్యాలయం రిజిస్ట్రార్ నుంచి గ్రేడ్ల లెక్క వివరించే లేఖ తెచ్చుకోవాలి. ఇంట్లో కూర్చుని జీపీఏను ఇరవై అయిదుతో గుణించి దరఖాస్తులో రాస్తే పరిశీలనలో నిలవదు.

అన్నిటికంటే ఎక్కువమందిని దెబ్బతీసేది తేదీ. సర్వీస్ కమిషన్ల ఉద్యోగాలకు సాధారణంగా నోటిఫికేషన్ తేదీ నాటికే అర్హత చేతిలో ఉండాలి. బ్రిటన్‌లో సెప్టెంబరులో డిసర్టేషన్ ఇస్తే, పరీక్షా మండలి కూర్చుని ఫలితం ఖరారు చేసేసరికి నవంబరు అవుతుంది. పట్టా చేతికిచ్చే స్నాతకోత్సవం ఆ తర్వాత ఎప్పుడో. అర్హత వచ్చింది పరీక్షా మండలి ఖరారు చేసిన రోజున. కాబట్టి ఆ తేదీతో విశ్వవిద్యాలయం ఇచ్చే అవార్డు లేఖ ఫైలులో ఉండాలి. స్నాతకోత్సవపు ఫొటో పనికిరాదు. తత్సమాన పత్రం కూడా ఫలానా తేదీలోగా ఉండాలని నోటిఫికేషన్ చెబితే, ఉద్యోగ ప్రకటన వచ్చాక దరఖాస్తు పెట్టడం ఆలస్యమే. పదిహేను పనిదినాలన్నది కాగితాలన్నీ సక్రమంగా ఉన్నప్పటి మాట.

సమానమని తానే అనుకుని దరఖాస్తు పెట్టి, తర్వాత కోర్టుకు వెళ్లేవాళ్లు ఉంటారు. సుప్రీంకోర్టు దీనిమీద పలుమార్లు ఒకే దారిలో నడిచింది. గురునానక్ దేవ్ విశ్వవిద్యాలయం కేసులో, సమానత్వాన్ని ఊహించుకోకూడదని, అది విద్యారంగ నిపుణులు నిర్దిష్టంగా ఉత్తర్వు రూపంలో తేల్చాల్సిన విషయమని చెప్పింది. 2018 డిసెంబరులో జహూర్ అహ్మద్ రాథర్ కేసులో, ఏ అర్హత దేనికి సమానమో తేల్చే పని నియామకం చేసే ప్రభుత్వానిదని, నోటిఫికేషన్‌లోని అర్హతను కోర్టు తన వ్యాఖ్యానంతో విస్తరించజాలదని తేల్చింది. ఆ కేసులో అభ్యర్థులు అడిగినదాని కంటే ఎక్కువ చదివామని వాదించినా ఫలితం లేకపోయింది.

బడి చదువుల దగ్గర ఇదే కథ చిన్న రూపంలో నడుస్తుంది. విదేశాల నుంచి, లేదా ఇక్కడే అంతర్జాతీయ బోర్డు బడి నుంచి ఇంజినీరింగ్ వైపు వచ్చే పిల్లలకు మొదటి షరతు పన్నెండేళ్ల క్రమబద్ధమైన బడి చదువు. ఐబీ డిప్లొమా అయితే ఆరు సబ్జెక్టులతో కనీసం 24 పాయింట్లు వచ్చి డిప్లొమా చేతికి రావాలి. కేంబ్రిడ్జ్ అయితే ఏ లెవెల్ ఫలితాలతోపాటు అంతకుముందు స్థాయి సబ్జెక్టుల ఫలితాలూ చూస్తారు. అన్నీ సమానమేనని తేలాక కూడా పిల్లలు ఇరుక్కునేది సబ్జెక్టుల దగ్గరే. ఈఏపీసెట్‌లో ఇంజినీరింగ్‌కు గణితం, భౌతికం, రసాయనం చదివి ఉండాలి. కేంబ్రిడ్జ్ విద్యార్థి గణితం, భౌతికం, కంప్యూటర్ సైన్స్ ఏ లెవెల్ తీసుకుని రసాయనాన్ని పదో తరగతి స్థాయిలోనే వదిలేస్తే, చేతిలో ఇంటర్‌కు సమానమైన అర్హత ఉన్నా ఎంపీసీ విద్యార్థి కాడు. ఈ నిర్ణయం పదహారేళ్ల వయసులో, పదకొండో తరగతిలో చేరిన రోజునే జరిగిపోతుంది. రెండేళ్ల తర్వాత ఏ కాగితమూ దాన్ని సరిదిద్దలేదు.

వీళ్లకు మార్కుల చిక్కు కూడా ఉంటుంది. కేంబ్రిడ్జ్ ఫలితాల పత్రంలో గ్రేడు పక్కన శాతం రూపంలో ఏకరూప మార్కు కూడా ఇస్తారు. బి గ్రేడు అంటే 70 నుంచి 79 మధ్య, ఏ గ్రేడు అంటే 80 నుంచి 89 మధ్య. గ్రేడు మాత్రమే చూపిస్తే ఆ శ్రేణిలో ఎక్కడ ఉన్నాడో తెలియదు. అందుకని ఆ మార్కులున్న స్టేట్‌మెంట్‌ను బడి నుంచి తీసుకుని దాచుకోవాలి.

వృత్తి విద్యల పట్టాలకు ఈ దారే లేదు. విదేశంలో ఎంబీబీఎస్‌తో సమానమైన చదువు పూర్తిచేసినవాళ్లు జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం స్క్రీనింగ్ పరీక్ష రాయాలి. న్యాయశాస్త్రం చదివినవాళ్లు బార్ కౌన్సిల్ గడప ఎక్కాలి. ఫార్మసీ, నర్సింగ్, ఆర్కిటెక్చర్‌లకు వాటి వాటి మండళ్లున్నాయి. యూజీసీ నిబంధనలే వీటిని పక్కన పెట్టాయి.

దరఖాస్తును తిరస్కరిస్తే కారణం చూసి, యూజీసీ దగ్గరే పునఃపరిశీలన కోరవచ్చు. సంస్థకు గుర్తింపు లేదనో, ఫ్రాంచైజీ అనో తిప్పికొడితే అక్కడ గెలవడం దాదాపు అసాధ్యం. కాగితం చాలలేదనో, పట్టా నిర్ధారణ ఆ విశ్వవిద్యాలయం నుంచి రాలేదనో ఉంటే సరిచేయడం తేలికే. బ్రిటన్ పట్టాలను సరిచూసేందుకు హెచ్ఈడీడీ అనే అధికారిక ఏర్పాటు ఉంది. దాదాపు అన్ని విశ్వవిద్యాలయాల రిజిస్ట్రార్ కార్యాలయాలూ ఇలాంటి లేఖలు పంపుతాయి. విద్యార్థి తన చేత్తో తెచ్చిచ్చిన కవరు కంటే, అక్కడి నుంచి నేరుగా పరిశీలకులకు చేరిన మెయిలుకే విలువెక్కువ.